నాన్న పొలం మీ పేరిటికి, అక్కడి నుంచి మీ విదేశీ ఖాతాకు: ఎన్‌ఆర్‌ఐ వారసులు నడవాల్సిన దారి

విదేశంలో ఉంటున్నవారికి ఊళ్లోని ఇల్లు వారసత్వంగా వస్తే పెద్ద చిక్కులుండవు. పొలం వస్తే వేరు. వ్యవసాయ భూమి కొనడానికి ఎన్‌ఆర్‌ఐలకు, ఓసీఐ కార్డు ఉన్నవారికి విదేశీ మారక చట్టం అనుమతి ఇవ్వదు. అదే భూమి వారసత్వంగా వస్తే మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు, సాగు చేయించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఈ రెంటి మధ్య తేడాను తేలిగ్గా తీసుకునే చాలా కుటుంబాలు మొదటి అడుగే తప్పుగా వేస్తాయి. అందుకే ఇక్కడ పొలం గురించే చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్న పొలం, విదేశంలో ఉన్న వారసుడు, మధ్యలో రెవెన్యూ కార్యాలయం, ఆదాయపు పన్ను, బ్యాంకు. వరుసగా చూద్దాం.

ముందుగా: దానం వద్దు, వీలునామా రాయించండి

తల్లిదండ్రులు బతికుండగానే ఈ మాట చెప్పడం చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా చెప్పక తప్పదు. మన వైపు పిల్లలకు ఆస్తి పంచాలంటే దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించడం అలవాటు. కొడుకు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే అది మంచి పద్ధతే. కొడుకు డల్లాస్‌లో ఉంటే వ్యవసాయ భూమికి అది పనికిరాదు. దగ్గరి బంధువు నుంచి దానంగా ఇల్లు, స్థలం, ఫ్లాటు తీసుకోవచ్చని నిబంధనలు చెబుతాయి గాని, వ్యవసాయ భూమిని, ఫామ్‌హౌస్‌ను, తోట భూములను ఆ జాబితా నుంచి తీసేశాయి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు రిజిస్టర్ అయిపోయిందంటే చెల్లుతుందని అనుకోవద్దు. పుచ్చుకునేవారు దేశంలో ఉంటున్నారా లేదా అన్నది అక్కడ తేలకపోవచ్చు. పదేళ్ల తర్వాత డబ్బు పంపమని బ్యాంకుకు వెళ్లినప్పుడు, "ఈ భూమి మీకు ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న దగ్గర అది బయటపడుతుంది.

అదే తండ్రి వీలునామా రాస్తే ఇబ్బంది లేదు. వీలునామా ద్వారా వచ్చినా, వీలునామా లేకుండా చట్టప్రకారం వాటాగా వచ్చినా రెండూ వారసత్వమే. వీలునామా రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. కానీ విదేశంలో ఉన్నవారికి తహసీల్దారు ముందు నిలబడి సాక్షులను హాజరుపరచడం కష్టం కాబట్టి రిజిస్టర్ చేయించిన వీలునామా ఎంతో మేలు.

ఇందులోనే మరో మెలిక ఉంది. తండ్రి పోయాక చెల్లెలు, "అన్నయ్యా, నాకు పొలం వద్దు, నా వాటా కూడా నువ్వే తీసుకో" అని హక్కు విడుదల పత్రం రాసివ్వడం మన ఇళ్లలో మామూలే. అన్నయ్య విదేశంలో ఉంటే ఆ పత్రం మీద సంతకం పడకుండా ఆపండి. తండ్రి నుంచి వచ్చిన మీ వాటా వారసత్వం. చెల్లెలి నుంచి వచ్చే వాటాను దానంగా చూసే అవకాశం ఉంది, వ్యవసాయ భూమికి దానం కుదరదు. ఎదురు దిశలో, అంటే మీరు మీ వాటాను ఇక్కడ ఉంటున్న చెల్లెలికి వదిలేయాలనుకుంటే, దానికి అడ్డు లేదు.

మరణ ధ్రువీకరణ నుంచి పాసుపుస్తకం దాకా

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రి వీలునామా లేకుండా పోయారు. నాలుగెకరాల మాగాణి ఆయన పేరిట ఉంది, స్వార్జితం. తల్లి ఉంది, కొడుకు అమెరికాలో, కూతురు విజయవాడలో. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ సమానంగా మూడో వంతు. నానమ్మ బతికుంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే, అప్పుడు నాలుగు వాటాలవుతాయి. నానమ్మను మరిచిపోయి ముగ్గురి పేర్లతో దరఖాస్తు పెట్టడం, తర్వాత బాబాయి వచ్చి అభ్యంతరం చెప్పడం ఊళ్లలో తరచుగా జరిగేదే. ఇతర మతాలవారికి వాటాలు వారి వారి చట్టాల ప్రకారం తేలతాయి.

మొదట మరణ ధ్రువీకరణ పత్రం, తర్వాత మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోండి. వీటితో వారసత్వ మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయాలి. తెలంగాణలో దీన్నే విరాసత్ అంటారు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి పోర్టల్‌లో ఆ దరఖాస్తు నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది పూర్తయ్యాక మీ పేరు భూ రికార్డులైన 1బిలో, అడంగల్‌లో కనిపించాలి, పట్టాదారు పాసుపుస్తకం రావాలి. పేరు ఎక్కిందని ఎవరో ఫోనులో చెబితే నమ్మి ఊరుకోకండి. మీరే పోర్టల్ తెరిచి, ఒక్కొక్క సర్వే నంబరు ఎదురుగా విస్తీర్ణం ఎంత పడిందో పాత దస్తావేజుతో పోల్చి చూడండి. సెంట్లు తగ్గడం, సబ్‌డివిజన్ నంబరు మారిపోవడం ఈ దశలోనే సరిచేసుకోవాలి. కొనేవాడు దొరికాక ఆ పని మీద తిరుగుతుంటే బేరం చల్లారిపోతుంది.

పేర్ల విషయంలో ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి. నాన్నగారి పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉంటుంది, మీ పదో తరగతి సర్టిఫికెట్‌లో కూడా అంతే. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా విడదీసి, ఒక్కోసారి ముందూ వెనకా మారి ఉంటుంది. పాను కార్డులో మరో తీరు. రెవెన్యూ రికార్డులో మీ పేరు ఎక్కించేటప్పుడే పాస్‌పోర్టులో, పానులో ఉన్న తీరులో ఎక్కించమని అడగండి. రెండూ వేరుగా ఉంటే, ఇద్దరూ ఒక్కరేనని చెప్పే అఫిడవిట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. చివర్లో బ్యాంకు అధికారి వరసగా పెట్టుకుని చూసేది ఈ పేర్లనే.

భూమి నిషేధిత జాబితాలో, అంటే 22-ఎ కింద ఉందేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. తాతకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా అయితే వారసులకు సంక్రమిస్తుంది గాని, అమ్మకానికి రెండు రాష్ట్రాల్లో వేర్వేరు ఆంక్షలున్నాయి. అది తేలకుండా ఎవరి దగ్గరా బయానా తీసుకోవద్దు.

సంతకం ఎవరు పెట్టాలి

రిజిస్ట్రేషన్‌కు మీరు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. భారత కాన్సులేట్‌లో గాని, అక్కడి నోటరీ ముందు గాని సంతకం చేయవచ్చు. నోటరీ ముందు చేసి, ఆ దేశం హేగ్ ఒప్పందంలో ఉంటే, అపాస్టిల్ ముద్ర కూడా వేయించండి. పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ పని జరుగుతుంది. ఈ గడువు దాటిపోయి పత్రం చెల్లక, మళ్లీ మొదటి నుంచి రాయించుకునేవారున్నారు. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే రుజువు.

అన్ని అధికారాలూ ధారపోసే జనరల్ పవర్ అవసరం లేదు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లు, ఇంత విస్తీర్ణం, ఈ హద్దులు, ఈ అమ్మకం వరకే అని స్పష్టంగా రాయించండి. ఒక వాక్యం మాత్రం తప్పక ఉండాలి: అమ్మకపు సొమ్ము నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే జమ కావాలి. పవర్ పుచ్చుకున్న బంధువు ఎంత మంచివాడైనా, డబ్బు ఆయన ఖాతాలో పడి అక్కడి నుంచి మీకు వస్తే, అది అమ్మకపు సొమ్మేనని నిరూపించే భారం మీ మీద పడుతుంది.

ఎవరికి అమ్మవచ్చు, ఎంతకు రాయాలి

వ్యవసాయ భూమిని మీరు భారతదేశంలో నివసిస్తున్నవారికే అమ్మాలి. మీలాగే విదేశంలో ఉన్న స్నేహితుడు మంచి ధర ఇస్తానన్నా కుదరదు, ఎందుకంటే ఆయన వ్యవసాయ భూమి కొనకూడదు.

ఇక అసలు సమస్య. గ్రామాల్లో ప్రభుత్వ విలువ ఒకటి, బయట నడిచే ధర ఒకటి. కొనేవారు ప్రభుత్వ విలువకే దస్తావేజు రాయించుకుని మిగిలింది నగదుగా ఇస్తామంటారు. "అందరూ ఇలాగే చేస్తున్నారు సార్" అని మధ్యవర్తి చెబుతాడు. దయచేసి ఒప్పుకోకండి. దస్తావేజులో రాయని రూపాయి మీ దేశానికి చేరే చట్టబద్ధమైన దారి లేదు. మీ ఖాతాలోకి ఎంత వచ్చిందో దస్తావేజులోనూ అంతే ఉందా అని బ్యాంకు చూస్తుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తాన్ని జరిమానాగా వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది. పూర్తి ధరకు రాయించుకునే కొనుగోలుదారు దొరకాలంటే ఎకరాకు కొంత తగ్గాల్సి వస్తుంది. ఆ తగ్గింపును నష్టమని నేను అనుకోను. నగదు తీసుకుని ఊళ్లో ఎవరి ఇంట్లోనో దాచి, ఏళ్ల తరబడి అది కరిగిపోవడం చూసేకంటే ఇదే నయం.

అమ్మకానికి ముందే మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోండి. విదేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచుకోకూడదు. అమ్మకపు సొమ్ము అందులో పడితే చిక్కు ఇంకా ముదురుతుంది.

పన్ను: రెండు కిలోమీటర్ల తేడా

మన కుటుంబానికి వద్దాం. పొలం ఎకరా 60 లక్షల చొప్పున మొత్తం 2 కోట్ల 40 లక్షలకు బేరం కుదిరింది. కొడుకు వాటా 80 లక్షలు. దీని మీద పన్ను ఎంత అనేది పొలం ఎక్కడుందనే దాని మీద ఆధారపడుతుంది.

ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో పల్లె ప్రాంతపు వ్యవసాయ భూమి అసలు మూలధన ఆస్తే కాదు. దాని అమ్మకంలో లాభం ఎంత వచ్చినా పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఐకి కూడా. అయితే పల్లె అంటే పంచాయతీ అని కాదు, దూరం లెక్క. దగ్గరి పురపాలక సంఘం జనాభా 10 వేలకు పైన, లక్ష లోపు ఉంటే దాని సరిహద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల మధ్య ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు దాటి పొలం ఉండాలి. ఈ దూరం రోడ్డు మీద కాకుండా సరళరేఖలో కొలవాలి. జనాభాకు చివరిగా ప్రచురించిన జనగణనే ఆధారం. పొలం పురపాలక సరిహద్దుల లోపలే ఉండి, ఆ పట్టణ జనాభా 10 వేలు దాటితే దూరంతో పనిలేదు, అది పట్టణ భూమే.

దగ్గరి పట్టణంలో 60 వేల జనాభా ఉందనుకుందాం. పొలం దాని సరిహద్దుకు 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే కొడుకు 80 లక్షల మీద పన్ను సున్నా. కొనేవాడు సొమ్ములోంచి పన్ను కోయాల్సిన పని కూడా లేదు. ఇది నోటిమాటతో నడవదు కనుక దూరం, జనాభా చూపే తహసీల్దారు పత్రం, సాగు జరిగినట్టు చూపే అడంగల్ లేదా పహాణీ నకళ్లు అమ్మకానికి ముందే తెచ్చుకోండి. ఇక్కడ కొనుగోలుదారులు, ముఖ్యంగా లేఅవుట్ వేసేవారు, ఒక కోరిక కోరతారు: "మీ పేరు మీదే వ్యవసాయేతర భూమిగా మార్పించి ఇవ్వండి." అలా భూ వినియోగం మార్చాక అమ్మితే మీరు అమ్మేది వ్యవసాయ భూమి కాదు, పన్ను మినహాయింపు పోతుంది. మార్పిడి కావాలంటే కొన్నాక వాళ్లే చేయించుకోవాలి.

అదే పొలం సరిహద్దుకు కిలోమీటరున్నర దూరంలోనే ఉంటే అది మూలధన ఆస్తి. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది. తండ్రి ఎప్పుడో కొన్నారు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖర్చుగా తీసుకోవచ్చు, అయితే ఆనాటి ప్రభుత్వ విలువకు మించకూడదు. ఎకరాకు లక్షన్నర అనుకుంటే కొడుకు వాటా ఖర్చు 2 లక్షలు, లాభం 78 లక్షలు. పన్ను 12.5 శాతం. ద్రవ్యోల్బణ సూచికతో ఖర్చు పెంచుకుని 20 శాతం కట్టే పాత వెసులుబాటు 2024 జులై 23 నుంచి జరిగే అమ్మకాల్లో ఇక్కడ నివసించేవారికే మిగిలింది, మీకు లేదు. 9 లక్షల 75 వేల మీద సర్‌చార్జి, సెస్సు కలిపితే సుమారు 11 లక్షల 15 వేలు.

పట్టణ భూమి అయినప్పుడు కొనేవారు ఈ పన్నును ముందే కోసి కట్టాలి. తల్లి, కూతురు వాటాలకు మామూలు 1 శాతం టీడీఎస్ సరిపోతుంది. కొడుకు వాటాకు విదేశీ నివాసి రేటు. చాలామంది కొనుగోలుదారులకు ఈ తేడా తెలియక ముగ్గురికీ 1 శాతమే కోస్తారు. తర్వాత నోటీసు వాళ్లకే వస్తుంది. మీరు ఎన్‌ఆర్‌ఐ అన్న సంగతి అమ్మకం ఒప్పందంలోనే రాయించండి.

తెలిసిన కొనుగోలుదారు లాభం మీద కాకుండా మొత్తం 80 లక్షల మీదే కోస్తాడు, సుమారు 11 లక్షల 44 వేలు. ఎక్కువ కోయకుండా ఆదాయపు పన్ను అధికారి నుంచి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోమని చాలామంది సలహా ఇస్తారు. పాత పొలాల్లో ఖర్చు ఎలాగూ స్వల్పం కాబట్టి తేడా ఇంతే, ముప్పై వేల లోపు. దానికోసం అమ్మకాన్ని నెలల తరబడి ఆపాలా అన్నది ఆలోచించుకోండి. ఈమధ్య ఎక్కువ ధరకు కొన్న భూమి అయితే మాత్రం ఆ పత్రం తప్పక తెచ్చుకోవాలి.

పన్ను తగ్గించుకోవాలంటే అమ్మిన ఆరు నెలల్లోగా 50 లక్షల వరకు మూలధన లాభాల బాండ్లలో పెట్టవచ్చు. అప్పుడు పన్ను పడే లాభం 28 లక్షలకు దిగుతుంది, పన్ను 3 లక్షల 64 వేలు. ఎక్కువ కోసిన మొత్తం రిటర్ను వేశాక వాపసు వస్తుంది. కానీ ఆ 50 లక్షలు ఐదేళ్ల పాటు కదలవు, వడ్డీ మీద పన్ను ఉంటుంది. డబ్బు వెంటనే విదేశానికి కావాలనుకునేవారికి ఇది అంత లాభసాటి కాదని నా అభిప్రాయం. ఇక, అమ్మిన పొలం డబ్బుతో మరో పొలం కొంటే వచ్చే మినహాయింపు మీకు అందదు. మీరు పొలం కొనకూడదు కదా.

బయటికి పంపడం

ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా, అన్నీ కలిపి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. వారసత్వ ఆస్తి అమ్మకపు సొమ్ము, అద్దెలు కాని పాత నిల్వలు, ఎన్‌ఆర్‌ఓ నుంచి ఎన్‌ఆర్‌ఈకి మార్చుకున్నవి అన్నీ ఈ పరిమితిలోకే వస్తాయి. మన ఉదాహరణలోని 80 లక్షల రూపాయలు అందులో చిన్న భాగమే. అంతకంటే పెద్ద మొత్తమైతే మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే రెండు సంవత్సరాల పరిమితులు వాడుకున్నట్టవుతుంది. ఒకే ఏడాదిలో పరిమితి దాటాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి.

బ్యాంకుకు ఇవ్వాల్సినవి ఇవి: మరణ ధ్రువీకరణ పత్రం, వీలునామా లేదా కుటుంబ సభ్యుల పత్రం, పాసుపుస్తకం, అమ్మకం దస్తావేజు, సొమ్ము జమైన ఎన్‌ఆర్‌ఓ స్టేట్‌మెంటు, పన్ను కట్టినట్టు చలానాలు లేదా పన్ను పడదని చూపే పత్రాలు, పరిమితి దాటలేదన్న మీ హామీ పత్రం, ఇంతకాలం 15సీఏ, 15సీబీ పేర్లతో తెలిసిన ఆదాయపు పన్ను పత్రాలు. మొదటిది మీరు ఆన్‌లైన్‌లో దాఖలు చేసేది, రెండోది చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో ఇచ్చేది. పన్ను పడని పల్లె పొలమైనా బ్యాంకులు సాధారణంగా అకౌంటెంటు పత్రం అడుగుతాయి. అందుకే అకౌంటెంటును డబ్బు పంపే రోజున వెతుక్కోకుండా, అమ్మకం ఒప్పందం రాసే ముందే మాట్లాడి, ఆయనకు ఏ పత్రాలు కావాలో తెలుసుకోండి. దూరం చూపే తహసీల్దారు పత్రం అప్పుడు అడిగితే వారం రోజుల పని. అమ్మి, పేరు మారిపోయి, కొన్నవాడు ప్లాట్లు వేసేశాక అడిగితే ఎంత తిరిగినా రాకపోవచ్చు.

తల్లి, చెల్లెలు తమ వాటాలను కూడా మీకే పంపాలనుకుంటే, మీ ఎన్‌ఆర్‌ఓ కోటాలో కలపకండి. ఇక్కడ నివసించేవారు బయటికి పంపే పద్ధతి వేరు, ఏడాదికి ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి, ఒక స్థాయి దాటాక ముందుగా వసూలు చేసే పన్ను ఉంటాయి.

మీరున్న దేశంలో

భారత్‌లో వారసత్వ పన్ను లేదు, పాత ఎస్టేట్ సుంకాన్ని 1985లోనే ఎత్తేశారు. కానీ మీరున్న దేశం ఏమడుగుతుందో చూసుకోవాలి. అమెరికాలో ఉన్నవారు విదేశీ వ్యక్తి నుంచి ఒక ఏడాదిలో లక్ష డాలర్లు దాటిన వారసత్వం పొందితే 3520 ఫారంలో తెలియజేయాలి. పన్ను ఉండదు గాని, చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది. అమ్మకం మీద మాత్రం లెక్క వేరు: పల్లె పొలానికి భారత్ ఇచ్చే మినహాయింపు అక్కడ చెల్లదు. అక్కడ లాభాన్ని సాధారణంగా తండ్రి పోయిన రోజు నాటి మార్కెట్ విలువ నుంచి లెక్కిస్తారు. ఆ విలువ ఎక్కువగా ఉంటే పన్ను పడే లాభం తక్కువ. అందుకే మరణం తర్వాత వీలైనంత త్వరగా, నమోదైన వాల్యూయర్ చేత ఆ తేదీకి పొలం విలువ ఎంతో లిఖితపూర్వకంగా రాయించుకోండి. అక్కడి దర్యాప్తులో ప్రభుత్వ విలువ ఒకటే చేతిలో ఉంటే, ఊళ్లో నిజంగా నడిచిన ధరకు రుజువు చూపడం కష్టమవుతుంది.